మేస్త్రి చదివే గీతలు

ఇంటి ప్లాను అంటే ఇంటి కప్పును పైనుంచి చూసి గీసిన బొమ్మ కాదు. కట్టబోయే ఇంటిని గచ్చు మట్టం నుంచి సుమారు నాలుగు అడుగుల ఎత్తున అడ్డంగా కోసి, పై ముక్కను ఎత్తి పక్కన పెట్టి, కింద మిగిలినదాన్ని పైనుంచి చూస్తే ఏం కనబడుతుందో అదీ ప్లాను. ఆ కోత గోడలకు, స్తంభాలకు, తలుపులకు, మూడు అడుగుల ఎత్తున మొదలయ్యే కిటికీలకు తగులుతుంది. వంటగట్టు, మెట్లలో మొదటి కొన్ని, వరండా చుట్టూ ఉండే పిట్టగోడ కోతకు కిందే ఉండిపోతాయి. బాత్‌రూమ్ వెంటిలేటరు, అటక, పైన పోయే దూలం కోతకు పైన, అంటే ఎత్తి పక్కన పెట్టిన ముక్కలో ఉంటాయి.

ప్లాను గీసేవాళ్ళు పాటించే గీతల మర్యాద అంతా ఈ కోత నుంచే పుట్టింది. కోత తగిలినదాన్ని మందపు గీతతో గీస్తారు. కోతకు కింద ఉండి కంటికి కనబడేదాన్ని అంతకంటే సన్నని గీతతో గీస్తారు. కోతకు పైన ఉన్నవాటిని తెగిన గీతలతో, అంటే చిన్న చిన్న ముక్కలుగా, చూపిస్తారు. ఇక కొలతల గీతలు, లోపల నింపే హ్యాచింగ్ గీతలు, నోట్ల దగ్గర నుంచి వస్తువు దాకా లాగే గీతలు ఇంట్లో ఎక్కడా ఉండవు. అవి కాగితం మీద మాత్రమే ఉంటాయి కాబట్టి అన్నిటికంటే సన్నగా ఉంటాయి. సైటులో నిలబడి కాగితం విప్పిన మేస్త్రికి ఏ గీత చూసినా ముందు తెలియాల్సింది ఒక్కటే. ఇది కట్టాల్సిన గోడా, కింద కనబడే అంచా, పైన ఉండేదా, లేక అసలు వస్తువే కాదా? గీత మందం ఆ ప్రశ్నకు జవాబు చెబుతుంది.

వరండా పిట్టగోడ సంగతే తీసుకుంటే ఇది స్పష్టంగా తెలుస్తుంది. దాని ఎత్తు మూడు అడుగులు, కోత ఎత్తు నాలుగు. కోత దానికి తగలదు గనుక ప్లానులో రెండు సన్న గీతలుగా మాత్రమే కనబడాలి, లోపల హ్యాచింగ్ ఉండకూడదు. పక్కనే ఉన్న గది గోడ మందపు గీతతో, హ్యాచింగ్‌తో ఉంటుంది. ఈ తేడా కాగితం మీద ఉంటే మేస్త్రి ఎవరినీ అడగనక్కర్లేదు. అన్నీ ఒకే మందంలో గీసి, రెండింటినీ ఒకేలా నింపిన ప్లాను చేతికిస్తే, పిట్టగోడ కూడా కప్పు దాకా లేచే గోడే అనుకునే అవకాశం ఉంది. అప్పుడు తప్పు కట్టినవాడిది కాదు, గీసినవాడిది.

గీత మందాలకు ఒక వరుస ఉంది. అంతర్జాతీయ ప్రమాణాల్లో అది మిల్లీమీటర్లలో 0.13, 0.18, 0.25, 0.35, 0.5, 0.7, 1.0 అంటూ సాగుతుంది. ఒక్కో మెట్టుకు మందం సుమారు 1.4 రెట్లు, సరిగ్గా చెప్పాలంటే రెండు వర్గమూలం రెట్లు పెరుగుతుంది. ఏ4, ఏ3, ఏ2 కాగితాల పొడవు వెడల్పులు పెరిగేదీ ఇదే నిష్పత్తిలో. అందువల్ల ఏ2 కాగితం మీద 0.5తో గీసిన గీత ఏ3కి కుదిస్తే 0.35 అవుతుంది, ఏ4కి కుదిస్తే 0.25 అవుతుంది. ఏ సైజుకు కుదించినా వరుసలో ఉన్న మందమే వస్తుంది, గీతల మధ్య ఎక్కువ తక్కువలు చెడవు. చేత్తో ఇంకు వేసే రోజుల్లో డ్రాఫ్ట్స్‌మన్ టేబుల్ మీద ఉండే రోట్రింగ్ పెన్నులకు రంగు పట్టీలు ఉండేవి. 0.25కు తెలుపు, 0.35కు పసుపు, 0.5కు గోధుమరంగు, 0.7కు నీలం. పట్టీ చూసి పెన్ను అందుకోవడమే, మందం కోసం ఆలోచించే పని లేదు.

ఈ మందాలన్నీ ఒకే కాగితం మీద వాడాలని ఎవరూ అనరు. మూడు చాలు, నాలుగు అయితే ఎక్కువే. 1:50 స్కేలులో గీసే ప్లానుకు కోసిన గోడలు 0.5, కనబడే అంచులు 0.25, కొలతలు, హ్యాచింగ్ 0.18 అన్నది బాగా నడిచే అమరిక. పక్కపక్క మెట్లలో ఉన్న 0.18, 0.25 మధ్య తేడా ఎండలో, నలిగిన కాగితం మీద అంతగా కనబడకపోవచ్చు గానీ, 0.5 మాత్రం ఎంత దూరం నుంచైనా విడిగా తెలుస్తుంది. విడిగా తెలియాల్సింది కూడా అదే. మందం ఎంత ఉండొచ్చన్నదానికి స్కేలు ఒక హద్దు పెడుతుంది. నాలుగున్నర అంగుళాల గోడ 115 మిల్లీమీటర్లు. 1:50లో అది కాగితం మీద 2.3 మిల్లీమీటర్లు అవుతుంది కాబట్టి 0.5 గీతలు రెండు పక్కలా వేసినా మధ్యలో హ్యాచింగ్‌కు చోటుంటుంది. 1:100లో అదే గోడ 1.15 మిల్లీమీటర్లకు దిగిపోతుంది. అప్పుడు రెండు గీతల మధ్య మిగిలేది అర మిల్లీమీటరు పైచిలుకు. అందులో ఏటవాలు గీతలు నింపబోతే మసి మరకలా కనబడుతుంది. అందుకే చిన్న స్కేలులో గోడను ఏకంగా నల్లగా నింపేస్తారు, లేదా ఖాళీగా వదిలేస్తారు.

తెగిన గీతల దగ్గర ఒక చిక్కు ఉంది. పైన ఉండే దూలానికీ తెగిన గీతే, నేల కింద ఉండే సెప్టిక్ ట్యాంకుకూ తెగిన గీతే. పైదో కిందిదో గీత చెప్పదు. గీత పక్కన 'పైన దూలం', 'పైన అటక', 'కింద ట్యాంకు' అని రెండు మాటలు రాస్తే సరిపోతుంది. రాయకపోతే అటక ఏ గోడ మీద రావాలో తేలక పని ఆగుతుంది. పొడుగు గీత, చుక్క, పొడుగు గీత, చుక్క అంటూ సాగేది సెంటర్ లైన్. గోడకో స్తంభాల వరుసకో నడిమధ్యన పోయే ఊహారేఖ అది. పునాదికి ముగ్గు పోసేది దాన్ని పట్టుకునే గనుక సైటులో మొదట వెతికే గీత అదే.

కంప్యూటర్ వచ్చాక గీతల మందం సులువు కావాల్సింది పోయి కొత్త రకంగా పాడవడం మొదలైంది. ఆటోక్యాడ్‌లో చాలా ఆఫీసులు రంగును బట్టి మందం నిర్ణయిస్తాయి. ఎరుపు గీత ఇంత మందం, పసుపు గీత ఇంత మందం అని ఒక చిన్న ఫైలులో రాసి ఉంటుంది, ప్రింటు తీసేటప్పుడు ఆ ఫైలు జతచేయాలి. డ్రాయింగు ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బజారులో ప్రింటు తీయిస్తే ఆ ఫైలు వెంట రాదు. అన్ని గీతలూ ఒకే మందంలో పడతాయి, మంచం అంచు, గోడ అంచు, కొలత గీత అన్నీ ఒక్కటైపోతాయి. తెర మీద రంగుల్లో అంతా విడివిడిగా కనబడుతుంది కాబట్టి గీసినవాడికి ఈ లోపం తెలియదు. నల్ల ఇంకు ప్రింటును ఒకసారి చేయి చాపినంత దూరంలో పట్టుకుని చూడాలి. గోడలు ముందుగా కంటికి తగలకపోతే ఆ ప్రింటు సైటుకు పనికిరాదు.

హ్యాచింగ్ రెండో మాట చెబుతుంది. మందపు గీత 'ఇక్కడ కోత తగిలింది' అంటే, లోపల నింపిన గుర్తు 'కోత తగిలింది దేనికి' అని చెబుతుంది. భవన డ్రాయింగులకు మన దేశంలో ఐఎస్ 962 అనే ప్రమాణం ఉంది. వాడుకలో స్థిరపడ్డ గుర్తులు కొద్దిపాటివే. ఇటుకకు 45 డిగ్రీల వాలులో సన్నని సమాంతర గీతలు, కాంక్రీటుకు చుక్కలు, వాటి మధ్య చిన్న చిన్న త్రికోణాలు, కలపకు చెక్క పొరల్లాంటి వంపు గీతలు, నేలకు గుంపులు గుంపులుగా పొట్టి గీతలు. కాంక్రీటులోని కంకర, ఇసుక ఆ త్రికోణాల్లో, చుక్కల్లో కనబడుతూనే ఉంటాయి గనుక ఎవరూ నేర్పకపోయినా మేస్త్రులు దాన్ని పట్టేస్తారు.

హ్యాచింగ్ అవసరం గట్టిగా తెలిసేది స్తంభం, గోడ కలిసే చోట. ఇప్పుడు ఊళ్ళలో కూడా పిల్లర్ల ఇళ్ళే ఎక్కువ. ముందు కాంక్రీటు స్తంభాలు, దూలాలు, స్లాబు పోస్తారు, ఆ తర్వాత మధ్యలో ఇటుక గోడలు కడతారు. స్తంభం 230కి 300 మిల్లీమీటర్లు, అంటే తొమ్మిది అంగుళాలకు పన్నెండు. గోడ తొమ్మిది అంగుళాలదైతే స్తంభం వెడల్పు గోడలో కలిసిపోతుంది, గదిలో మూల పొడుచుకు రాదు. అదే స్తంభం నాలుగున్నర అంగుళాల గోడ వరుసలో పడితే నాలుగున్నర అంగుళాలు ఏదో ఒక పక్కకు బయటికి వస్తుంది. ఏ పక్కకు? పడకగదిలోకి వస్తే బీరువా పెట్టే చోటు పోతుంది, బాత్‌రూమ్‌లోకి వస్తే నడిచే దారి ఇరుకవుతుంది. స్తంభాన్ని నల్లగా నింపి, ఇటుక గోడను 45 డిగ్రీల గీతలతో చూపి, గోడ స్తంభానికి ఏ అంచున తాకుతుందో సరిగ్గా గీస్తే సందేహానికి తావుండదు. రెండింటికీ ఒకే హ్యాచింగ్ వేసి వాటి మధ్య గీత తీసేస్తే స్తంభం గోడలో మాయమవుతుంది. అప్పుడు మేస్త్రి గోడను స్తంభం నడిమధ్యకు కడతాడు. రెండు గదుల్లోకీ రెండేసి అంగుళాల పొడుపు వస్తుంది, ఏ గదికీ సుఖం ఉండదు.

హ్యాచింగ్ వేయడంలో కొన్ని పద్ధతులున్నాయి. రెండు వేరు వేరు ముక్కలు ఆనుకుని ఉంటే ఒకదానిలో గీతలు కుడికి వాలితే రెండోదానిలో ఎడమకు వాలాలి, అప్పుడే అతుకు తెలుస్తుంది. ఒకే ముక్క కాగితంలో ఎక్కడ కనబడినా వాలు, ఎడం మారకూడదు. పెద్ద వైశాల్యాన్ని మొత్తం నింపక్కర్లేదు, అంచుల వెంట కొంత మేర వేస్తే చాలు. హ్యాచింగ్ మధ్యలో అంకె రాయాల్సి వస్తే అంకె చుట్టూ గీతలు ఆపేయాలి. కంప్యూటర్ డ్రాయింగులో తరచుగా చెడేది గీతల మధ్య ఎడం. ఒక స్కేలుకు సరిపోయిన హ్యాచింగ్‌ను మరో స్కేలులో అలాగే వాడితే గీతలు కిక్కిరిసి నల్లబడతాయి, లేదా రెండు గీతలు మాత్రమే పడి అదేదో పైపులా కనబడుతుంది.

పాత ఇంటిని మార్చి కట్టేటప్పుడు నింపే గుర్తుల పని ఇంకోలా ఉంటుంది. అక్కడ ఇటుకా కాంక్రీటా అన్నదానికంటే ఉంచేదేది, పడగొట్టేదేది, కొత్తగా కట్టేదేది అన్నది ముఖ్యం. అనుమతి ప్లానుల కోసం నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇందుకు రంగులు చెప్పింది. ఉన్న కట్టడానికి నల్ల గీత, కొత్తదానికి ఎరుపు, పడగొట్టేదానికి పసుపు హ్యాచింగ్. ఈ రంగుల కాగితాన్ని నలుపు తెలుపు జిరాక్సు తీసి సైటుకు ఇవ్వడం ప్రమాదకరం. జిరాక్సులో పసుపు దాదాపు మాయమవుతుంది, ఎరుపు నల్లబడుతుంది. పడగొట్టాల్సిన గోడ కాగితం మీద కనబడదు, కొత్త గోడకూ పాత గోడకూ తేడా ఉండదు. సైటు ప్రతిలో రంగుకు తోడు గీత రకం కూడా మారి ఉండాలి. పడగొట్టే గోడను తెగిన గీతలతో చూపితే ఏ జిరాక్సు అయినా దాన్ని చెరపలేదు.

ఇక కొలతలు. గీతలు, హ్యాచింగ్ కాస్త తప్పినా అనుభవం ఉన్న మేస్త్రి ఊహించి సర్దుకుంటాడు. కొలత తప్పితే సర్దుకునేది ఉండదు. ఇటుక గోడ నాలుగు వరుసలు లేచాక తెలిస్తే పడగొట్టాలి, స్తంభం పోశాక తెలిస్తే భరించాలి.

ఒక చిన్న ఉదాహరణ లెక్కవేసి చూస్తే కొలత ఎక్కడ జారుతుందో తెలుస్తుంది. పడకగది, దానికి ఆనుకుని బాత్‌రూమ్. ఎడమ నుంచి కుడికి వెళ్తే తొమ్మిది అంగుళాల బయటి గోడ, పన్నెండు అడుగుల గది, నాలుగున్నర అంగుళాల నడిమి గోడ, నాలుగు అడుగుల బాత్‌రూమ్, మళ్ళీ తొమ్మిది అంగుళాల బయటి గోడ. అన్నీ కూడితే 17 అడుగుల పదిన్నర అంగుళాలు. గీసినవారు గదిలో 12'-0", బాత్‌రూమ్‌లో 4'-0" అని అంకెలు మాత్రం రాసి వదిలేశారనుకుందాం. ఆ పన్నెండు అడుగులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో చూపలేదు. గీసినవారి ఉద్దేశం గోడ లోపలి అంచు నుంచి లోపలి అంచు దాకా. మేస్త్రికి అలవాటు సెంటర్ నుంచి సెంటర్‌కు తాడు కట్టడం. అలా కడితే గదిలో బయటి గోడ సగం నాలుగున్నర, నడిమి గోడ సగం రెండుంబావు, కలిపి ఆరు ముప్పావు అంగుళాలు తగ్గుతాయి. పడకగది 11 అడుగుల అయిదుంబావు అంగుళాలు అవుతుంది. దాన్ని ఎలాగో సహించవచ్చు. బాత్‌రూమ్‌లోనూ తగ్గేది అదే ఆరు ముప్పావు. నాలుగు అడుగులది 3 అడుగుల అయిదుంబావు అవుతుంది. ఆ తర్వాత గోడకు సిమెంటు పూత, దాని మీద టైలు పడతాయి. పక్కకు ఒక అంగుళం వేసుకున్నా మిగిలేది 3 అడుగుల మూడుంబావు. కమోడ్ ముందు మోకాళ్ళకు చోటు చాలని బాత్‌రూములు ఇలాగే తయారవుతాయి.

ఈ తప్పును ఆపడానికి చేయాల్సింది చాలా తక్కువ. కొలత గీతకు రెండు చివర్లా అది తాకే అంచు దగ్గర నుంచి సన్నటి గీతలు బయటికి లాగాలి. ఆ గీత గోడ అంచు నుంచి వచ్చిందా, గోడ మధ్యలోని సెంటర్ లైన్ నుంచి వచ్చిందా అన్నది కంటికి తెలియాలి. గోడకు అతుక్కుపోకుండా అంచుకూ గీతకూ మధ్య కొద్దిగా ఖాళీ వదలాలి, లేకపోతే అదీ గోడలో భాగంలా కనబడుతుంది. ఇంజినీరింగ్ యంత్ర డ్రాయింగుల్లో కొలత చివర బాణం గుర్తు పెడతారు. భవనాల డ్రాయింగులో బాణం కంటే 45 డిగ్రీల చిన్న అడ్డగీత మేలు, ఎందుకంటే రెండు మిల్లీమీటర్ల గోడలో రెండు బాణాలు పట్టవు. అంకెను గీత పైన రాస్తారు. కాగితాన్ని కింది వైపు నుంచి గానీ కుడి వైపు నుంచి గానీ చూస్తే అన్ని అంకెలూ చదవగలిగేలా ఉండాలి. కాగితాన్ని నాలుగు వైపులా తిప్పాల్సి వస్తే 6, 9 తారుమారయ్యే ప్రమాదం ఉంది.

బయటి గోడ వెంట మూడు వరుసల కొలతలు ఇవ్వడం వాడుక. గోడకు దగ్గరగా ఉన్న వరుసలో తలుపులు, కిటికీలు, వాటి మధ్య గోడ ముక్కలు. రెండో వరుసలో గదులు, గోడలు, లేదా స్తంభాల సెంటర్లు. బయటి వరుసలో మొత్తం పొడవు ఒక్కటే. ఈ మూడూ ఒకదానికొకటి సాక్ష్యం. మన ఉదాహరణలో బయట 17'-10½" అని రాసి ఉంటే, సెంటర్ టు సెంటర్ అనుకుని ముగ్గు పోసిన మేస్త్రికి మొత్తం 16 అడుగుల 9 అంగుళాలే వస్తుంది. అడుగు పైన ఒకటిన్నర అంగుళం తేడా. పునాది తవ్వక ముందే, సున్నం గీత మీదే తప్పు దొరికిపోతుంది. యంత్ర భాగాల డ్రాయింగులో ఇలా ముక్కలూ రాసి మొత్తమూ రాయడాన్ని ఒప్పుకోరు. ఏ ముక్క సర్దుబాటు కావాలో తేలకుండా పోతుందని అక్కడి వాదన. ఇంటి పనిలో మాత్రం మొత్తం రాయడమే మేలు, ఎందుకంటే సైటులో కూడిక చేసి చూసుకునే మనిషికి అదొక్కటే ఆసరా.

స్తంభాల సెంటర్లు కొలిచే తీరులో కూడా ఒక పాఠం ఉంది. ఆరు స్తంభాల వరుసలో ఒకదాని నుంచి ఇంకోదానికి అయిదుసార్లు టేపు వేస్తూ పోతే, ప్రతిసారీ అయిదు మిల్లీమీటర్లు ఒకే పక్కకు తప్పినా చివరికి 25 మిల్లీమీటర్లు, అంటే అంగుళం తేడా వస్తుంది. మొదటి స్తంభం దగ్గరే టేపు పట్టి ఉంచి, అక్కడి నుంచే ప్రతిదానికీ దూరం చదివితే తప్పులు పోగుపడవు. అలా చదవాలంటే డ్రాయింగులో ఆ దూరాలు మొదటి స్తంభం నుంచి వరుసగా కూడి రాసి ఉండాలి. ఇవ్వకపోతే మేస్త్రే కూడుకోవాలి, ఆ కూడిక ఇటుక మీద బొగ్గుతో జరుగుతుంది.

అడుగులూ మీటర్లూ కలగాపులగంగా వాడే మన సైటుల్లో ఇంకో ఉచ్చు ఉంది. 10.5 అని రాసిన అంకెను ఒకరు పదిన్నర అడుగులు అని చదువుతారు, ఇంకొకరు పది అడుగుల అయిదు అంగుళాలు అని చదువుతారు. తేడా అంగుళమే అయినా తలుపు ఫ్రేముకు అంగుళం చాలా ఎక్కువ. అడుగుల్లో రాస్తే 10'-6" అని అడుగు గుర్తు, అడ్డగీత, అంగుళం గుర్తు పెట్టి రాయాలి, దశాంశ చుక్కను అడుగుల దగ్గరికి రానివ్వకూడదు. సున్నా అంగుళాలైనా 12'-0" అని పూర్తిగా రాయాలి. మిల్లీమీటర్లలో రాస్తే అసలు చుక్కే ఉండదు, 3200 అంటే 3200. ఆ కాగితం మీద ఒకచోట 'కొలతలన్నీ మిల్లీమీటర్లలో' అని రాస్తే ప్రతి అంకె పక్కనా రాయనక్కర్లేదు. పది అడుగులంటే మూడు మీటర్లు అని నోటిలెక్కతో మార్చడం కూడా మంచిది కాదు. పది అడుగులు 3048 మిల్లీమీటర్లు. పది అడుగుల ఖానాలు అయిదున్న వరుసలో ఈ 48ని వదిలేస్తే చివరికి 240 మిల్లీమీటర్లు, ఒక గోడ మందం అంత, తేలుతుంది.

ఎత్తుల కొలతకు ఇంకో గుర్తు వాడతారు. పూర్తయిన గచ్చు మట్టాన్ని ±0.00 అని పెట్టుకుని, పైవి ప్లస్‌తో, కిందివి మైనస్‌తో రాస్తారు. లింటెల్ అడుగు +2.10 అంటే టైల్సు పరిచిన గచ్చు నుంచి 2.10 మీటర్లు. గోడ కట్టే రోజుకు గచ్చు ఉండదు, కింద కాంక్రీటు మాత్రమే ఉంటుంది. మేస్త్రి ఆ కాంక్రీటు నుంచి 2.10 కొలిచి లింటెల్ పెడితే, తర్వాత పరిచే ఇసుక సిమెంటు, టైలు కలిపి 50 మిల్లీమీటర్లు తినేస్తాయి. తలుపు రెండు అంగుళాలు కోయాల్సి వస్తుంది. గచ్చు మందం ఎంతో సెక్షన్ డ్రాయింగులో రాసి, సున్నా మట్టం కాంక్రీటు మీదా టైలు మీదా అన్నది స్పష్టంగా చెప్పడం తప్ప దీనికి మందు లేదు. అనుభవజ్ఞులైన మేస్త్రులు ఏదైనా స్తంభం మీద గచ్చుకు మూడడుగుల పైన రసమట్టంతో ఒక గీత గీసి, అన్ని ఎత్తులూ దాని నుంచే కొలుస్తారు.

డ్రాయింగు మీద స్కేలు పెట్టి కొలవకూడదన్నది పాత నియమమే అయినా ఈ రోజుల్లో దాని విలువ మరింత పెరిగింది. ఏ3కి సరిపడా 1:100లో గీసిన ప్లానును 'కాగితానికి సరిపెట్టు' అన్న ఆప్షన్‌తో ఏ4 మీద ప్రింటు తీస్తే, మూడు మీటర్ల గది 30 మిల్లీమీటర్లకు బదులు 21 మిల్లీమీటర్లు పడుతుంది. స్కేలు పెట్టి చూసినవాడికి ఆ గది రెండు మీటర్ల పది సెంటీమీటర్లే. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోకు అసలు స్కేలే ఉండదు. కాగితం అంచున స్కేలు పట్టీ గీసి ఉంటే అది బొమ్మతో పాటే కుదించుకుపోతుంది కాబట్టి కుదింపు ఎంతో తెలుస్తుంది. అయినా కట్టాల్సింది రాసిన అంకెను బట్టే. రాసిన అంకె లేనిచోట ఇంజినీరును అడగాలి, కొలవకూడదు.

కంప్యూటర్ డ్రాయింగులో అంకెనే నమ్మలేని సందర్భం ఒకటి ఉంది. కొలతను ప్రోగ్రామ్ తానే లెక్కగట్టి రాస్తుంది. గోడ జరిపితే అంకె కూడా మారుతుంది. తొందరలో గోడ జరపకుండా అంకె మీద వేరే అంకె టైపు చేసేవాళ్ళున్నారు. ఆ క్షణం నుంచి ఆ కొలత గీతకు సంబంధం తెగిపోతుంది, తర్వాత ఏం జరిపినా అది మారదు. దాన్ని పట్టుకునే దారి కూడికే. లోపలి వరుస కూడి, రెండో వరుస కూడి, మొత్తంతో పోల్చాలి. తేడా వచ్చిన వరుసలో టైపు చేసిన అంకె ఉంటుంది.

ఇల్లు కట్టుకునేవాళ్ళు చాలామంది మునిసిపాలిటీ మంజూరు చేసిన ప్లానునే మేస్త్రి చేతిలో పెట్టి పని మొదలుపెట్టిస్తారు. ఆ ప్లాను స్థలం హద్దులు, వదలాల్సిన ఖాళీ, కట్టే విస్తీర్ణం చూపడానికి గీసింది. కిటికీ గోడ మూల నుంచి ఎంత దూరమో, బాత్‌రూమ్ గచ్చు ఎంత కిందికి దిగాలో, స్తంభం ఏ అంచుకు ఆనుకోవాలో అందులో ఉండవు. పునాదికి ముగ్గు పోయకముందే 1:50 స్కేలులో వర్కింగ్ డ్రాయింగు విడిగా అడిగి తీసుకోవాలి, దాని మీద కొలతలు మూడు వరుసల్లో ఉన్నాయో లేదో చూసి, పెన్ను పట్టుకుని ఒక్కసారి కూడి చూడాలి.